విరిగిన ముందుపన్ను: ముక్క ముందా, గుజ్జు ముందా?

పిల్లల ముందుపన్ను విరిగితే ఇంట్లోవాళ్ల చూపంతా విరిగిన ముక్క మీదే ఉంటుంది. రుమాలులో కట్టుకొనో, కాగితంలో చుట్టుకొనో ఆ ముక్కను తెచ్చి, "ఇది అతుకుతుందా డాక్టర్ గారూ?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. చాలాసార్లు జవాబు "అతుకుతుంది" అనే ఉంటుంది. అయితే వైద్యుడు మొదట చూసేది ముక్కను కాదు, నోట్లో మిగిలిన పన్నును. విరిగినచోట పంటి గుజ్జు బయటపడిందా, ఆ పన్ను వేరు ఎంతవరకు పెరిగింది అన్న రెండు విషయాలు తేలాకే ముక్క సంగతి. ఈ వరుస తప్పితే, అందంగా అతికిన పన్నే కొన్ని నెలలకు లోపల చచ్చిపోయి నల్లబడవచ్చు.

దెబ్బ తగిలేది ఎక్కువగా పైదవడలోని రెండు పెద్ద ముందుపళ్లకే. పాలపళ్లు ఊడాక ఏడెనిమిదేళ్ల వయసులో వచ్చే శాశ్వత పళ్లవి. ఆ వయసులో పిల్లలు పరిగెత్తుతారు, సైకిల్ నేర్చుకుంటారు, బడి వరండాలో ఒకరినొకరు తోసుకుంటారు. పైపళ్లు కాస్త ముందుకు పొడుచుకొచ్చిన పిల్లలకైతే పడినప్పుడు పెదవి పళ్లను కాపాడదు, నేల నేరుగా పంటికే తగులుతుంది. కిందిపళ్ల కంటే పైపళ్లు 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు ఉన్న పిల్లలకు ఈ గాయాలు ఎక్కువని చాలాకాలంగా తెలిసిన విషయమే.

ఇక్కడ తల్లిదండ్రులకు తెలియని ముఖ్యమైన సంగతి ఒకటుంది. పన్ను చిగురు దాటి బయటికి వచ్చినంత మాత్రాన దాని పెరుగుదల పూర్తయినట్టు కాదు. ఎనిమిదేళ్ల పిల్లవాడి ముందుపన్ను బయటికి నిండుగా కనిపించినా ఎముక లోపల వేరు ఇంకా పొట్టిగానే ఉంటుంది. వేరు గోడలు పలచగా, చివర గరాటులా తెరుచుకొని ఉంటుంది. పన్ను వచ్చాక వేరు పూర్తిగా తయారై చివర మూసుకోవడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లూ వేరును పెంచేదీ, గోడలను మందం చేసేదీ లోపలి గుజ్జే. కాబట్టి ఆ వయసులో గుజ్జు పోవడమంటే ఒక నరం పోయినంత చిన్న విషయం కాదు. ఆ పన్ను పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. పలచని గోడలతోనే అది జీవితాంతం నెట్టుకురావాలి. అలాంటి పళ్లు తరవాత చిన్న దెబ్బకే చిగురు అంచున విరగడం దంతవైద్యులకు బాగా తెలుసు.

విరిగిన తీరును బట్టి తరగతులు పెట్టడం ఈ అవసరం కోసమే. చిగురు బయట కనిపించే పంటి భాగాన్ని కిరీటం అంటారు. దాని పైపొర ఎనామెల్. తెల్లగా గట్టిగా ఉంటుంది, దానికి నొప్పి తెలియదు. దాని కింద కాస్త పసుపు రంగులో డెంటిన్ ఉంటుంది. డెంటిన్‌లో గుజ్జు నుంచి పైకి వచ్చే లెక్కలేనన్ని సన్నటి గొట్టాలుంటాయి. అందుకే అది బయటపడితే చల్లనీళ్లు జివ్వుమంటాయి, సూక్ష్మజీవులకు లోపలికి దారి దొరుకుతుంది. అన్నిటికంటే లోపల గులాబీరంగు గుజ్జు, అంటే రక్తనాళాలు, నరాలు, కణాలు ఉన్న మెత్తటి భాగం. మన వాడుకలో దీన్నే 'నరం' అంటున్నారు.

మన దేశంలో దంతవైద్య విద్యార్థులు ముందుగా నేర్చుకునేది ఎల్లిస్, డేవీల వర్గీకరణ. అందులో తొమ్మిది తరగతులున్నా, కిరీటం విరిగిన పిల్లల విషయంలో రోజూ వినిపించేవి మొదటి మూడే. ఎనామెల్ వరకే, లేదా దానితోపాటు అతి కొద్దిగా డెంటిన్ పోతే మొదటి తరగతి. డెంటిన్ బాగా పోయినా గుజ్జు బయటపడకపోతే రెండో తరగతి. గుజ్జు బయటపడితే మూడో తరగతి. చీటీ మీద 'ఎల్లిస్ క్లాస్ త్రీ' అని రాసి ఉంటే అర్థం ఇదే. డెన్మార్క్‌కు చెందిన యెన్స్ ఆండ్రియాసెన్ బాటలో నడిచే అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ అంకెలకు బదులు ఏ పొరలు విరిగాయో ఆ పొరల పేర్లే చెబుతాయి: ఎనామెల్ భంగం, ఎనామెల్-డెంటిన్ భంగం, ఎనామెల్-డెంటిన్-గుజ్జు భంగం. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది. అంకె గుర్తులేకపోయినా ఏం విరిగిందో పేరులోనే ఉంటుంది, ఇంకో ఊరి వైద్యుడు చదివినా తేడా రాదు.

పుస్తకంలో ఈ గీతలు స్పష్టంగా ఉన్నా నోట్లో అంత స్పష్టంగా ఉండవు. రెండో తరగతికీ మూడో తరగతికీ మధ్య ఒక సన్నటి ప్రదేశం ఉంది. విరిగినచోట డెంటిన్ ఇంకా మిగిలే ఉంటుంది, రక్తం రాదు, కానీ దాని వెనక గుజ్జు గులాబీరంగులో మసకగా కనిపిస్తుంది. అంటే మిగిలిన డెంటిన్ పొర అర మిల్లీమీటరు కంటే పలచగా ఉందన్నమాట. తొందరలో చూసినవాళ్లు దాన్ని మామూలు రెండో తరగతిగా లెక్కగట్టి నేరుగా ముక్క అతికించేస్తారు. అలా చేయకూడదు. ఆ గులాబీ మచ్చ మీద ముందు కాల్షియం హైడ్రాక్సైడ్ పలచగా వేసి, దాని మీద గ్లాస్ అయనోమర్ సిమెంట్‌తో కప్పాలి. తరవాతే అతికించే పని. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా జరుగుతుంది. చిగురు నుంచి కారిన రక్తం పంటి మీద ఆరిపోయి ఉంటే గుజ్జే బయటపడిందని భయపడతారు. సెలైన్‌తో కడిగి, మంచి వెలుతురులో, పన్నును ఆరనిచ్చి చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. సూదిమొన లాంటి పరికరంతో ఆ మచ్చను గుచ్చి చూడటం మాత్రం తప్పు. లేని రంధ్రాన్ని చేసినట్టవుతుంది.

కిరీటం విరిగిన ప్రతి పిల్లవాడిలో ఇంకా రెండు విషయాలు చూడాలి. పన్ను కదులుతోందా? కదిలితే గాయం కిరీటానికే పరిమితం కాలేదు, పన్నును పట్టి ఉంచే కణజాలానికీ దెబ్బ తగిలింది, దానివల్ల గుజ్జు బతికే అవకాశం తగ్గుతుంది. విరుగు గీత చిగురు కిందికి దిగిందా? దిగితే అది కిరీటం, వేరు రెండూ విరిగిన వేరే రకం గాయం. ఈ వ్యాసంలో చెప్పే సులువైన దారి దానికి సరిపోదు. ఎక్స్‌రే తీసేది ఈ రెండింటినీ నిర్ధారించుకోవడానికీ, వేరు చివర ఎంత తెరుచుకుందో చూడటానికీ.

ముక్క దొరకనప్పుడు దాన్ని వెతకడం కూడా వైద్యంలో భాగమే. పెదవికి గాయమై ఉబ్బి ఉంటే ముక్క పెదవి లోపలే ఇరుక్కుపోయి ఉండవచ్చు. వేలితో నొక్కి చూస్తే కొన్నిసార్లు తగలదు. పెదవికి తక్కువ మోతాదులో ఎక్స్‌రే తీస్తే తెల్లగా కనబడుతుంది. పడినప్పుడు పిల్లవాడు స్పృహ తప్పినా, దగ్గు ఆగకపోయినా, ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో చూడాలి. అది దంతవైద్యుడి దగ్గరకంటే ముందు ఆసుపత్రిలో తేలవలసిన విషయం.

ముక్క దొరికితే దాన్ని తడిగా ఉంచాలి. ఇదొక్కటే ఇంట్లోవాళ్లు చేయగలిగిన పని, కానీ చాలా విలువైనది. డెంటిన్‌లో నీటి అంశం ఉంటుంది. ఆరిపోతే అందులోని పీచు కుంచించుకుపోతుంది. అతికించే జిగురు దానిలోకి ఇంకదు. పైగా ఆరిన ముక్క సున్నంలా తెల్లబడుతుంది. కాబట్టి ముక్కను చిన్న సీసాలో పాలు గానీ సెలైన్ గానీ పోసి అందులో వేసి తేవాలి. ఏదీ లేకపోతే మంచినీళ్లయినా సరే. కొబ్బరినీళ్లు కూడా పరిశోధనల్లో పరీక్షించారు, మనకు అవి దొరకని ఊరు ఉండదు. పూర్తిగా ఊడి వచ్చిన పన్నుకు మంచినీళ్లు పనికిరావన్న మాట వినే ఉంటారు, అది నిజమే. అయితే ఇది ఊడిన పన్ను కాదు, విరిగిన ముక్క. దీని మీద బతికించవలసిన వేరు కణాలు లేవు, తడి పోకుండా ఉంటే చాలు. దూదిలోనో కాగితంలోనో చుట్టి తెచ్చినా పారేయనక్కర్లేదు. అతికించే ముందు 20 నిమిషాలు నీళ్లలోనో సెలైన్‌లోనో నానబెడితే చాలావరకు కోలుకుంటుంది.

ఇప్పుడు ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. పిల్లల దంతవైద్యుల దగ్గరికి తరచూ వచ్చే కేసుల తీరును బట్టి కూర్చినది ఇది.

ఎనిమిదిన్నరేళ్ల పాప. మూడో తరగతి. బడిలో వానకు తడిసిన మెట్ల మీద జారి పడింది. ఉదయం 11 గంటలకు పడితే, టీచర్ ముక్కను పెన్సిల్ డబ్బాలో పెట్టి పంపారు. ఆ సాయంత్రం ఊళ్లో ఒక డాక్టర్ చూసి, నరం బయటపడింది, రూట్ కెనాల్ చేయాలి, పన్ను రంగు మారుతుంది, పెద్దయ్యాక క్యాప్ వేయించుకోవాలి అని చెప్పారు. మర్నాడు ఉదయం పాపను తీసుకొని తల్లిదండ్రులు పిల్లల దంతవైద్యుడి దగ్గరికి వచ్చారు. పడి దాదాపు 23 గంటలైంది.

పై కుడి పెద్ద ముందుపన్ను కిరీటంలో మూడోవంతు ఏటవాలుగా పోయింది. విరుగు మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర ఎర్రటి చుక్క, ముట్టుకుంటే కొద్దిగా రక్తం. పన్ను కదలడం లేదు. పక్క పన్ను అంచున చిన్న చెక్కు మాత్రమే ఎగిరింది. ఎక్స్‌రేలో వేరు విరగలేదు, వేరు చివర బాగా తెరుచుకునే ఉంది. పెన్సిల్ డబ్బాలోని ముక్క ఎండి తెల్లబడినా, పంటి మీద పెట్టి చూస్తే ఒక అంచున చిన్న పెళుసు తప్ప చక్కగా కూర్చుంది. వర్గీకరణ ప్రకారం ఎల్లిస్ మూడో తరగతి, లేదా ఎనామెల్-డెంటిన్-గుజ్జు భంగం, వేరు అపరిపక్వం.

"నరం తీసేయాలన్నారండీ. ఇరవైనాలుగు గంటలైపోయింది కదా, ఇంకా బతుకుతుందా?" అని తల్లి అడిగింది.

"బతికే ఉందమ్మా. ఆ రక్తం కనిపిస్తోందే, అదే మనకు గుర్తు. పై పొర మాత్రం పాడైంది. దాన్ని కొద్దిగా తీసేసి కింది భాగాన్ని కాపాడదాం. మొత్తం తీసేయం."

ఆ జవాబు వెనక స్వీడన్‌లో జరిగిన పని ఉంది. స్టాక్‌హోమ్‌లోని పిల్లల దంతవైద్యశాలలో మియోమిర్ స్వెక్ 1978లో ఒక నివేదిక ప్రచురించారు. కిరీటం విరిగి గుజ్జు బయటపడిన 60 ముందుపళ్లలో ఆయన గుజ్జు మొత్తం తీయలేదు, బయటపడినచోట పై భాగాన్ని మాత్రమే తీసి, మిగిలినదాని మీద కాల్షియం హైడ్రాక్సైడ్ వేశారు. 58 పళ్లు నిలిచాయి. వాటిలో కొన్ని దెబ్బ తగిలి చాలా రోజులయ్యాక వచ్చినవి. ఎందుకలా సాధ్యమైందో ఆ తరవాత కోతుల మీద చేసిన అధ్యయనంలో తెలిసింది. దెబ్బతో బయటపడిన ఆరోగ్యమైన గుజ్జులో వాపు పైపై 2 మిల్లీమీటర్లు దాటి లోపలికి పోవడం లేదు, వారం గడిచినా. పుచ్చుపంటి గుజ్జుకూ దీనికీ ఉన్న తేడా ఇదే. పుచ్చులో సూక్ష్మజీవులు నెలల తరబడి లోపల పనిచేస్తూ ఉంటాయి. దెబ్బలో గుజ్జు నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్నదే, పైగా పిల్లల్లో దానికి రక్తప్రసరణ బాగుంటుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఎనిమిదేళ్ల పంటికి రూట్ కెనాల్ అన్న మాట వస్తుంది. నా దృష్టిలో ఈ రంగంలో జరిగే పొరపాట్లలో పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే.

గుజ్జును తీయకుండా నేరుగా మందు వేసి కప్పడం కూడా ఒక పద్ధతి. బయటపడిన చుక్క చాలా చిన్నదైతే, దెబ్బ తగిలి కొద్ది గంటలే అయితే దాన్ని ఎంచుకుంటారు. అయితే పైన ఉన్న మలినమైన పొర అలాగే ఉండిపోతుంది, మందు నిలవడానికి చోటు కూడా ఉండదు. కొద్దిగా తీసి వేసే పద్ధతిలో రెండూ చక్కబడతాయి. ఈ పాపకు 23 గంటలైంది కాబట్టి స్వెక్ పద్ధతినే ఎంచుకున్నారు.

ముందుగా ముక్కను సెలైన్‌లో వేశారు. పనిచేస్తున్నంతసేపూ అది నానుతూ ఉంటుంది. చిగురులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ రబ్బరు పలక బిగించారు. ఈ రబ్బరు పలకను తేలిగ్గా తీసుకోకూడదు. గుజ్జు మీద ఉమ్మి పడితే తీసిన మలినాన్ని మళ్లీ వేసినట్టే. తరవాత వజ్రపు పొడి అంటించిన చిన్న గుండ్రటి బర్‌తో, వేగంగా తిప్పుతూ, నీళ్లు చల్లుతూ, బయటపడినచోట గుజ్జును 2 మిల్లీమీటర్ల లోతుకు తీశారు. నీళ్లు ఎందుకంటే వేడికి మిగిలిన గుజ్జు కాలిపోకుండా. పట్టి లాగే పరికరాలు వాడితే గుజ్జు లోపలి నుంచే చిరిగిపోతుంది, అందుకే బర్.

ఆ తరవాత వచ్చే నిమిషాలే అసలు పరీక్ష. సెలైన్‌లో తడిపిన దూది ముద్దతో నెమ్మదిగా అదిమి పెడితే, ఆరోగ్యమైన గుజ్జులో రక్తం ఐదు నిమిషాల్లోపు ఆగిపోతుంది. ఆగకపోతే వాపు ఇంకా కిందికి ఉందని అర్థం. అప్పుడు ఇంకొంచెం లోతుకు వెళ్లాలి, అవసరమైతే చిగురు మట్టం దాకా కూడా. అసలు రక్తమే రాకపోతే గుజ్జు అప్పటికే చచ్చిందన్నమాట, దారి మార్చుకోవాలి. ఈ పాపకు మూడు నిమిషాలకు ఆగింది. గుజ్జు ఉపరితలం లేత ఎరుపుగా, గట్టకట్టిన రక్తం లేకుండా కనబడింది. గడ్డ మీద మందు వేస్తే మందు గుజ్జుకు తగలదు, ఆ గడ్డే తరవాత కుళ్లుతుంది. కాబట్టి రక్తం ఆగడం ఎంత ముఖ్యమో, గడ్డ లేకుండా ఉండటం అంతే ముఖ్యం.

మందుగా కాల్షియం హైడ్రాక్సైడ్ చాలాకాలంగా పనిచేస్తోంది, ఇప్పటికీ తప్పేమీ కాదు. కాకపోతే కాలక్రమంలో అది కరిగిపోతుంది. కొత్తగా వచ్చిన కాల్షియం సిలికేట్ సిమెంట్లు గట్టిగా మూసి ఉంచుతాయి. వాటిలో మొదటిది అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ అభివృద్ధి చేసిన ఎంటీఏ. దానితో ముందుపళ్లకు ఒక చిక్కు ఉంది, అందులోని బిస్మత్ ఆక్సైడ్ వల్ల పన్ను క్రమంగా బూడిద రంగుకు తిరుగుతుంది. తెల్ల ఎంటీఏలో కూడా ఈ ఇబ్బంది ఉంది. వెనక పంటికి ఫరవాలేదు, నవ్వితే కనిపించే పంటికి మాత్రం వద్దు. ఈ పాపకు రంగు మార్చని కాల్షియం సిలికేట్ సిమెంటు వేసి, దాని మీద గ్లాస్ అయనోమర్ కప్పారు. లవంగనూనె ఉండే సిమెంట్లు ఇక్కడ పనికిరావు. అందులోని యూజెనాల్ తరవాత వేసే బాండింగ్‌ను గట్టిపడనివ్వదు.

ఇప్పుడు ముక్క వంతు. ముక్క లోపలి వైపున కూడా గుజ్జు ఉండే గది పైకప్పు కొంత ఉంటుంది. అందులో మిగిలిన మెత్తటి కణజాలాన్ని శుభ్రం చేసి, ఆ గుంటను కాస్త లోతు చేస్తారు. అలా చేయకపోతే పంటి మీద వేసిన సిమెంట్ పొర అడ్డం వచ్చి ముక్క సరిగా కూర్చోదు. ఆమ్లంతో రెండు వైపులా గరుకు చేసి, కడిగి, బాండింగ్ ద్రవం పట్టించి, పలచటి కాంపోజిట్ పూసి ముక్కను నొక్కి పెట్టి, నీలి వెలుగుతో గట్టిపరుస్తారు. ఈ ఆమ్లం 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం. అమెరికాలో మైఖేల్ బునకోర్ 1955లో ఎనామెల్‌ను ఇలాగే ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ పట్టుకుంటుందని చూపించారు, నేటి బాండింగ్ అంతా అక్కడ నుంచే మొదలైంది. అంతకు ముందు విరిగిన ముక్కను నిలపాలంటే వేరులోకి పోస్టు దిగ్గొట్టవలసి వచ్చేది, అంటే గుజ్జును పోగొట్టుకోక తప్పేది కాదు.

అతికించిన గీత వెంట సన్నటి గాడి తీసి కాంపోజిట్‌తో నింపితే గీత కనబడదు, పట్టు కూడా పెరుగుతుంది. అంచున పోయిన చిన్న పెళుసు కూడా అందులోనే పూడిపోయింది. చివరగా కిందిపళ్లు మూసినప్పుడు ఆ పన్ను మీద బరువు పడకుండా చూశారు. ముక్క తొలిరోజుల్లో మిగిలిన పంటి కంటే తెల్లగా కనిపించింది, ఆ తెలుపు కొన్ని రోజుల్లో తగ్గుతుంది. ఈ పనంతటికీ మామూలుగా ఒక గంట చాలు.

ముక్క దొరకని పిల్లలకు కూడా గుజ్జు విషయంలో ఈ వరుసే. ఆ తరవాత ముక్కకు బదులు కాంపోజిట్‌తోనే ఆకారం కడతారు. ముక్క దొరికితే లాభం ఏమిటంటే ఆ పిల్లవాడి సొంత ఎనామెల్ మెరుపు, రంగు, అరుగుదల పక్క పన్నుతో కలిసిపోతాయి, కాంపోజిట్‌తో ఆ తీరు తేవడానికి ఎంతో చేయి తిరగాలి. గుజ్జు బయటపడని రెండో తరగతిలో అయితే మధ్యలోని మెట్లు అక్కర్లేదు. నానబెట్టి, అతికించడమే. నొప్పి లేకుండా ఉండాలంటే కూడా ఆలస్యం చేయకూడదు, విప్పుకొని ఉన్న డెంటిన్ గొట్టాలు ఒకరోజు తెరిచి ఉన్నా లోపలికి మలినం పోతూనే ఉంటుంది.

తండ్రి చివరలో అడిగిన మాట: "ఇది ఎన్నాళ్లుంటుందండీ?"

"ముక్క ఊడొచ్చు. ఊడితే మళ్లీ తెచ్చేయండి, మళ్లీ అతికిద్దాం. దానికి నేను భయపడను. గుజ్జు సంగతే సంవత్సరం పాటు కనిపెట్టుకొని ఉండాలి."

అతికించిన పన్ను మొదటి పన్నంత బలంగా ఉండదు. ముక్క ఊడేది ఎక్కువగా మళ్లీ దెబ్బ తగలడం వల్లనో, జాంకాయ, మొక్కజొన్న కండె, జంతికల లాంటివి ముందుపళ్లతో కొరకడం వల్లనో. కొరికేవి ముక్కలు చేసి వెనకపళ్లతో నమలమని చెబుతారు. ఆటలాడే పిల్లలకు నోట్లో పెట్టుకునే గార్డు చేయిస్తారు. పళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటే వాటిని సరిచేయడం తరవాతి దెబ్బను తప్పించే మార్గం.

గుజ్జును కాపాడిన పంటికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి, తరవాత మూడు నెలలకు, ఆరు నెలలకు, సంవత్సరానికి చూపించుకోవాలి. గుజ్జు బయటపడకుండా విరిగిన పంటికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు, సంవత్సరానికి చాలు. ఈ చూపులలో ఏం వెతుకుతారో తెలిస్తే తల్లిదండ్రులు మధ్యలో మానేయరు. గుజ్జు బతికి ఉంటే ఎక్స్‌రేలో మందు కింద గట్టి పొర ఒకటి కడుతుంది, వేరు పొడవు పెరుగుతుంది, గోడలు మందమవుతాయి, చివర మూసుకుంటూ వస్తుంది. చల్లదనం పరీక్షకు పన్ను స్పందించాలి. అయితే దెబ్బ తగిలిన తొలి మూడు నెలల్లో స్పందించకపోయినా చచ్చినట్టు కాదు, నరాలు తాత్కాలికంగా మొద్దుబారి ఉండవచ్చు. ఆ ఒక్క కారణంతో రూట్ కెనాల్ మొదలుపెట్టకూడదు.

చచ్చిన గుజ్జుకు గుర్తులు వేరు. పన్ను రంగు బూడిదగా మారడం, నొక్కితే నొప్పి, చిగురు మీద చిన్న చీము పొక్కు, ఎక్స్‌రేలో వేరు చివర నల్లటి మచ్చ, రెండు ముందుపళ్ల వేర్లలో ఒకటి పెరుగుతూ ఉంటే ఇంకొకటి ఉన్నచోటే ఆగిపోవడం. వీటిలో ఒకటి కంటే ఎక్కువ కనబడితే అప్పుడు లోపలి వైద్యం మొదలుపెడతారు. వేరు తెరిచి ఉన్న పంటికి అది మామూలు రూట్ కెనాల్ కాదు, చివర సిమెంటుతో అడ్డు కట్టడమో, గుజ్జు మళ్లీ పెరిగేలా చేసే పద్ధతో ఎంచుకోవాలి. ఈ పనులు పిల్లల దంతవైద్యుడికో రూట్ కెనాల్ నిపుణుడికో వదిలేయడం మంచిది. హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ దంత కళాశాలల్లో పిల్లల విభాగాలు ఉన్నాయి.

వేరు పూర్తిగా తయారైన పన్నుల విషయం ఏమిటంటారా? పన్నెండేళ్ల, పదిహేనేళ్ల పిల్లల్లో కూడా ఇప్పుడు ముందుగా ఇదే పద్ధతి ప్రయత్నించాలని అంతర్జాతీయ దంత గాయాల సంఘం 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుజ్జు బతికి ఉంటే దాన్ని కాపాడటమే మేలు. కాకపోతే వాళ్లలో అది విఫలమైనా మామూలు రూట్ కెనాల్‌తో పన్ను నిలుస్తుంది, ఎనిమిదేళ్ల పిల్లలకు ఆ వెసులుబాటు లేదు.

పాలపళ్ల విషయంలో ఈ లెక్కలేవీ నేరుగా వర్తించవు. రెండు మూడేళ్ల పిల్లవాడి ముందుపాలపన్ను విరిగితే, దాని వేరు కిందనే తయారవుతున్న శాశ్వత పన్నును కాపాడటం మొదటి పని. ఆ వయసులో పిల్లవాడు కూర్చుని చేయించుకుంటాడా అన్నది కూడా నిర్ణయంలో భాగమవుతుంది. పాల పంటికి ముక్క అతికించడం అరుదు.

పాప సంగతి. ఏడో వారంలో పన్నుకు నొప్పి లేదు, చల్లదనానికి కొద్దిగా స్పందించింది. ఆరో నెలలో ఎక్స్‌రేలో మందు కింద సన్నటి తెల్లటి గీత కనబడింది. సంవత్సరం నాటికి వేరు, దెబ్బ తగలని పక్క పన్ను వేరుతో సమానంగా పొడవైంది, చివర ఇంకా కొంచెం తెరిచి ఉంది. ఆ మధ్యలో ఒకసారి తమ్ముడి తల తగిలి ముక్క ఊడిపోయింది. తల్లి దాన్ని గ్లాసులో పాలు పోసి అందులో వేసుకొని తెచ్చింది. ముక్క మీదా పంటి మీదా మిగిలిన పాత రెసిన్ గీకి, మళ్లీ గరుకు చేసి, అరగంటలో అతికించి పంపారు. కింద కప్పిన గ్లాస్ అయనోమర్ పొర చెక్కుచెదరలేదు కాబట్టి గుజ్జు జోలికి వెళ్లవలసిన పని పడలేదు.